హోలోగ్రామ్ చూసి కొనమంటారు, ఏం చూడాలో చెప్పరు

పురుగు మందు కంపెనీవాళ్లు ఊళ్లో మీటింగు పెడితే, టీలు అయ్యాక చివర్లో తప్పకుండా ఒక మాట చెప్పి పోతారు. "మూత మీద హోలోగ్రామ్ ఉందో లేదో చూసుకొని కొనండి, నకిలీల బారిన పడొద్దు." వ్యవసాయ శాఖ సదస్సుల్లోనూ అదే మాట. మేము చాలా ఏళ్లుగా వింటున్నాం. ఉందో లేదో చూసుకోమంటున్నారు గాని, ఉన్నదాంట్లో ఏం చూడాలో ఒక్కరూ చెప్పలేదు. నకిలీ సరుకు చేసేవాడు హోలోగ్రామ్ లేకుండా సీసా బజారుకు పంపుతాడా? వాడూ అంటిస్తాడు. ఇంకాస్త తళతళలాడేదే అంటిస్తాడు.

పోయిన మిరప పంటలో ఇది మాకు బాగా తెలిసొచ్చింది. మా సంఘంలో సభ్యుడైన ఒక కౌలు రైతు ఎకరన్నర మిరప వేశాడు. పూత మీద తామర పురుగు పడింది. మండల కేంద్రంలోని దుకాణంలో పేరున్న కంపెనీ మందు మూడు సీసాలు తెచ్చి, రెండు సీసాలు కొట్టాడు. పురుగు తగ్గలేదు. ఆకులు పైకి దోనెల్లా ముడుచుకుపోయాయి, పూత రాలింది. దుకాణానికి పోయి అడిగితే, "సీలుంది, హోలోగ్రామ్ ఉంది, మందు అసలుదే. నువ్వు కలపడంలోనే తేడా ఉంది" అన్నాడు డీలరు. మందు పని చేయనంత మాత్రాన నకిలీ అని మేమూ అనం. తామర పురుగు మందులకు అలవాటు పడి లొంగకపోవడం మనందరికీ అనుభవమే. అందుకే నోటి మాట మీద పోట్లాడకుండా స్టిక్కర్లనే పట్టుకు చూద్దామనుకున్నాం.

మొదట మేము చేసిన తప్పు చెప్పాలి. మిగిలిన మూడో సీసాను ట్యూబులైటు కింద పెట్టి, ఫ్లాష్ వేసి సెల్లుతో ఒక్క ఫొటో తీసి కంపెనీ ప్రతినిధికి వాట్సాప్‌లో పంపాం. ఫ్లాష్ వెలుగు రేకు మీద పడి తిరిగి కెమెరాలోకే కొట్టింది. ఫొటోలో తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. "స్పష్టంగా లేదు సార్" అని జవాబొచ్చింది. అతన్ని తప్పు పట్టలేం. హోలోగ్రామ్‌ను ఒక్క ఫొటోలో చూసి అసలుదో నకిలీదో ఎవరూ తేల్చలేరు. ఎందుకో తెలియాలంటే అది ఎలా తయారవుతుందో కొంచెం తెలుసుకోవాలి.

హోలోగ్రామ్‌లో కనిపించే రంగు ఇంకు కాదు. పల్చటి పాలిస్టర్ పొర మీద కంటికి కనిపించని సన్నటి గాళ్లు అచ్చు గుద్దుతారు. మిల్లీమీటరు వెడల్పులో వెయ్యి దాకా గీతలుంటాయంటే ఎంత సన్నమో చూడండి. ముందు లేజర్ వెలుగుతో గాజు పలక మీద ఆ బొమ్మను ఎక్కించి, దాని నుంచి నికెల్ అచ్చు తీసి, ఆ అచ్చుతో పొర మీద గుద్దుతారు. దాని మీద అల్యూమినియం పూత వేస్తారు. పడిన వెలుగును ఆ గాళ్లు రంగులుగా విడదీసి, ఒక్కో రంగును ఒక్కో దిక్కుకు పంపుతాయి. బొమ్మలో ఒక్కో భాగానికి గాళ్ల దిశ, ఎడం వేరువేరుగా పెడతారు. అందుకే సీసాను కొంచెం వంచగానే ఇంతసేపు వెలిగిన ఆకు ఆరిపోయి, దాని చుట్టూ ఉన్న వలయం వెలుగుతుంది. కొత్త అయిదు వందల నోటును వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది కదా. అది వేరే పద్ధతి గాని, చూడాల్సింది మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. రంగు ఉందా అని కాదు, వంచితే ఏది ఎలా మారుతుందీ అని.

అందుకని రెండోసారి పద్ధతిగా కూర్చున్నాం. పట్నంలో వేరే డీలరు దగ్గర అదే కంపెనీ, అదే సైజు సీసా బిల్లుతో కొనుక్కొచ్చాం. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే మా ఊరి కుర్రాణ్ణి పిలిచాం. పెద్ద కెమెరా వద్దన్నాడు. సెల్లు కెమెరా మీద క్లిప్పులా తగిలించే చిన్న భూతద్దం చాలన్నాడు. సెల్లును మరీ దగ్గరికి పెడితే మసకబారుతుంది గనక ఆ అద్దం కావాలి. రెండు సీసాలనూ కిటికీ పక్కన బల్ల మీద, వెలుగు ఒక్క పక్క నుంచే పడేట్టు పెట్టాడు. ఫ్లాష్ ఆపాడు. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ కదలకుండా చేసి, వెలుగు కాస్త తగ్గించాడు. సెల్లు కదపకుండా, సీసాను మాత్రం నిటారుగా ఒకసారి, ఎడమకు, కుడికి, ముందుకు, వెనక్కి కొంచెం కొంచెం వంచి ఒక్కో సీసాకు అయిదు ఫొటోలు తీశాడు.

నిటారుగా తీసిన ఫొటోల్లో రెండూ అచ్చు గుద్దినట్టు ఒక్కలాగే ఉన్నాయి. అక్కడున్న పది మందిలో పది మందీ "రెండూ ఒకటే" అన్నారు. దుకాణంలో నిలబడి చేతిలో పట్టుకు చూసే రైతుకు కనిపించేది ఇదే.

ఎడమకు వంచిన ఫొటోతో తేడా బయటపడింది. పట్నం సీసా మీద ఆకు బొమ్మ నల్లబడి, వలయం నారింజ రంగులో వెలిగింది. కుడికి వంచిన దాంట్లో వలయం ఆరి ఆకు వెలిగింది. అంతకంటే సన్నటి సంగతి ఇంకోటి కనబడింది. పైనున్న అక్షరం అంచుకూ వెనకున్న చుక్కకూ మధ్య ఎడం రెండు ఫొటోల్లో ఒకటిగా లేదు. అక్షరం పైనా, చుక్క లోతులోనూ ఉన్నట్టు బొమ్మ కట్టారు గనక చూపు మారితే ఎడం మారుతుంది. మా కౌలు రైతు సీసా మీద అలా కాలేదు. స్టిక్కరు మొత్తం ఒక్కసారే ఆకుపచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు పట్టీలు పట్టీలుగా మారింది. ఆకు ఎక్కడ ఉందో అక్కడే, ఏ రంగులో ఉందో ఆ రంగులోనే అయిదు ఫొటోల్లోనూ ఉంది. ఇంద్రధనుస్సులా మెరిసే ఆ రేకు బహుమతులకు చుట్టే కాగితం లాంటిది, ఎవరికైనా బజార్లో దొరుకుతుంది. దాని మీద ఆకు బొమ్మ ఇంకుతో వేశారు. మెరుపు రేకుది, బొమ్మ ఇంకుది. రెంటికీ సంబంధం లేదు.

ఈ తేడాను భూతద్దం లేకుండా కూడా పట్టే ఉపాయం ఆ కుర్రాడే చూపించాడు. కిటికీకి తెల్ల పంచె అడ్డం కట్టి, వెలుగు అన్ని పక్కల నుంచీ మెత్తగా పడేట్టు చేసి మళ్లీ ఫొటో తీశాడు. పట్నం సీసా మీద బొమ్మ దాదాపు మాయమైంది, స్టిక్కరు బూడిద రంగు రేకులా మిగిలింది. వెలుగు ఒక దిక్కు నుంచి వస్తేనే గాళ్లు రంగుల్ని విడదీసి చూపగలవు. అన్ని దిక్కుల నుంచీ వస్తే రంగులన్నీ కలిసిపోతాయి. మనవాడి సీసా మీద ఆకు మాత్రం మునుపటి కంటే స్పష్టంగా, ఆకుపచ్చగా కనిపించింది. ఇంకుకు వెలుగు ఎటు నుంచి పడినా ఒకటే కదా. మబ్బు పట్టిన రోజున ఆరుబయట చూసినా ఈ తేడా తెలుస్తుంది.

తరవాత భూతద్దం పెట్టి అంచు గీతను తీశాడు. కంటికి అది వెంట్రుకంత గీత. పట్నం సీసా ఫొటోను తెర మీద పెద్దది చేస్తే, ఆ గీత గీత కాదు, కంపెనీ పేరు వరసగా రాసిన అక్షరాలు. ప్రతి అక్షరం అంచు కోసినట్టుంది. మనవాడి సీసా మీద అది తెగి తెగి ఉన్న చుక్కల వరస, ఒక్క అక్షరం చదవడానికి రాలేదు. ఆకు మీదకు పోతే నీలం, పసుపు, ఎరుపు ఇంకు చుక్కలు చల్లినట్టు విడివిడిగా కనిపించాయి. స్టిక్కరును స్కాన్ చేసి అచ్చు వేసినప్పుడు అంత సన్నటి అక్షరాలను ఆ చుక్కలు పట్టలేవు. ఈ ఫొటోలు ఎవరికైనా పంపాలంటే వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపకండి. అది ఫొటోను కుదించేస్తుంది, అసలు స్టిక్కరు అక్షరాలు కూడా అలికినట్టయిపోయి నకిలీలా కనిపిస్తాయి. డాక్యుమెంట్‌గా పంపాలి.

ఇక ఊడదీస్తే తెలిసిపోయే గుణం. దీని కోసమే ఈ స్టిక్కరును మూత మీద నుంచి సీసా మెడ దాకా అంటిస్తారు. అసలుదాంట్లో పై పొరకూ అల్యూమినియానికీ మధ్య ఒక నమూనా ప్రకారం కొన్నిచోట్ల అంటు బలంగా, కొన్నిచోట్ల బలహీనంగా ఉండేట్టు పూత వేస్తారు. లాగితే బలమైన చోట మెరుపు పొరతో లేచివస్తుంది, బలహీనమైన చోట సీసాకే ఉండిపోతుంది. పట్నం సీసాది మేమే లాగి ఫొటో తీశాం. సీసా మీద తేనెపట్టు గళ్లలా వెండి మరకలు మిగిలాయి. చేతికొచ్చిన పొరలో ఆ గళ్ల చోట్లన్నీ అద్దంలా ఖాళీ అయ్యాయి. మళ్లీ అంటించి చూశాం. గడి మీద గడి కూర్చోలేదు, మధ్యలో గాలి బుడగలు. తెరిచి మూసిన సీసా అయితే దగ్గరి ఫొటోలో ఈ జోడు గీతలు పట్టిస్తాయి.

మరి మనవాడు వాడేసిన రెండు సీసాల స్టిక్కర్లు ఏమయ్యాయని అడిగాం. అతను నవ్వాలో ఏడవాలో తెలియనట్టు చూశాడు. వాళ్ల పిల్లవాడు మెరుస్తున్నాయని రెండింటినీ ఊడదీసి మోటారు స్టార్టర్ డబ్బాకు అంటించుకున్నాడు! పోయి చూస్తే రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. బొట్టు బిళ్ల ఊడివచ్చినట్టు వచ్చి, మళ్లీ అంటుకున్నాయి. ఊడదీస్తే పాడైపోవాల్సిన స్టిక్కరు పిల్లవాడి ఆటకు పనికొచ్చిందంటే అంతకు మించి రుజువేముంటుంది? అక్కడే ఇంకోటి చూశాం. ఆ రెంటి మీదా, తెరవని మూడో సీసా మీదా ఉన్న వరస నంబరు ఒక్కటే. ఒక్కో సీసాకు ఒక్కో నంబరు ఉండాల్సిన చోట మూడింటికీ ఒకటే నంబరు. ఇది పట్టడానికి భూతద్దం కూడా అక్కర్లేదు. పక్కపక్కన పెట్టి తీసిన ఒక్క ఫొటో చాలు. మూడు సీసాలు కొని ఒక్కదాని నంబరైనా చదవని తప్పు మనవాడిది ఒక్కడిదే కాదు, మనలో ఎవరం చదివాం?

అన్ని నకిలీలూ ఇంత మొరటుగా ఉంటాయనుకోవద్దు. అసలు స్టిక్కరు నుంచే అచ్చు తీసో, బొమ్మను మళ్లీ లేజర్‌తో గీయించో చేసినవి ఉంటాయి. అవి వంచితే మారతాయి, మబ్బు వెలుగులో ఆరిపోతాయి కూడా. అక్కడ తేడా సన్నటి అక్షరాల్లో, అంచుల్లో మాత్రమే తెలుస్తుంది. అదీ అసలుదాన్ని పక్కన పెట్టి చూస్తేనే. ఇంకో రకం, అసలు హోలోగ్రామ్‌నే సంపాదించి నకిలీ సీసాకు అంటించేది. దాని ముఖం ఎన్ని ఫొటోలు తీసినా తప్పు దొరకదు. దాని కింద జిగురు రెండోసారి రాసిన జాడ, చుట్టూ అంచు నలిగిన తీరు చూసుకోవాలి. మరో మాట. సీసా మెడకు దుమ్మో నూనో అంటి ఉంటే అసలు స్టిక్కరు కూడా నమూనా సరిగా వదలదు. కాబట్టి ఒక్క గుర్తును పట్టుకొని డీలరు గల్లా పట్టుకోకండి.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. ఈ ఫొటోలన్నీ వరసగా పేర్చి, ఈసారి డాక్యుమెంట్లుగా కంపెనీకి పంపాం. జవాబు రెండు రోజుల్లో వచ్చింది. "పరిశీలించాం. ఈ సరుకు మాది కాదు. మాకు బాధ్యత లేదు." అంతే! డీలరు దగ్గరికి పోతే, "నాకు పైనుంచి అలాగే వచ్చింది" అన్నాడు. పైవాడెవడో చెప్పలేదు. మేము కష్టపడి తీసిన రుజువు కంపెనీని ఒడ్డున పడేసింది, రైతును నీళ్లలోనే వదిలేసింది. స్టిక్కరు అసలుదని తేలితే "మందు మంచిదే, నీ తప్పే" అంటారు. నకిలీదని తేలితే "మాది కాదు, నీ ఖర్మ" అంటారు. ఎటు తిరిగినా నష్టం రైతుదే. హోలోగ్రామ్ కాపలా కాస్తున్నది కంపెనీ పేరుకు. మన పంటకు కాదు. సీసా ధరలో దాని ఖర్చు మాత్రం మనమే కడుతున్నాం.

ఏం చూడాలో బహిరంగంగా చెబితే దొంగలు నేర్చుకుంటారని కంపెనీవాళ్లు అంటారు. ఈ వాదం నిలవదు. ఇలాంటి స్టిక్కర్లలో కంటికి కనిపించే గుర్తులు వేరు, పరికరం పెడితే గాని తెలియని గుర్తులు వేరు. రెండోవి దాచుకోండి, మేము అడగం. మొదటివి పెట్టిందే జనం చూడ్డానికి. వాటిని కూడా దాచిపెడితే ఇక పెట్టడం దేనికి? రిజర్వు బ్యాంకు నోటు మీది గుర్తులను పెద్ద పెద్ద బొమ్మలతో పోస్టర్లేసి బ్యాంకుల గోడలకు అంటించింది. దారం ఎక్కడ, వంచితే ఏ రంగు, సన్నటి అక్షరాలు ఎక్కడ, అన్నీ చెప్పింది. నోట్లకు లేని రహస్యం పురుగు మందు సీసాకు ఎందుకు?

ప్రభుత్వానికీ ఒక మాట. మద్యం సీసా మూత మీద ఎక్సైజ్ శాఖ తన హోలోగ్రామ్ లేబుల్ తానే అంటిస్తుంది. సీసా డిపో నుంచి దుకాణం దాకా లెక్క ఉంటుంది. పన్ను పోతుందంటే అంత జాగ్రత్త! పురుగు మందు దగ్గరికి వచ్చేసరికి స్టిక్కరు కంపెనీ ఇష్టం, చూసుకోవడం రైతు ఖర్మ.

మేము అడుగుతున్నవి గొంతెమ్మ కోర్కెలు కావు. హోలోగ్రామ్ వాడే ప్రతి కంపెనీ, అసలు స్టిక్కరును నిటారుగా, ఎడమకు, కుడికి వంచి తీసిన దగ్గరి ఫొటోలను, ఊడదీశాక మిగిలే నమూనా ఫొటోను ప్రతి దుకాణంలో గోడకు అంటించాలి. మండల వ్యవసాయాధికారి కార్యాలయంలో అవే ఫొటోలతో పాటు ఒక భూతద్దం ఉండాలి. నకిలీ అని తేలిన సరుకుకు, దాన్ని ఎవరు తయారు చేశారో దొరికేదాకా ఆగకుండా, బిల్లిచ్చి అమ్మిన లైసెన్సు డీలరు నుంచి రైతుకు పరిహారం ఇప్పించాలి. పైవాణ్ణి పట్టుకొని వసూలు చేసుకోవడం డీలరు పని.

అందాకా మనం చేయగలిగింది కొంత ఉంది. ఫొటో వల్ల స్టిక్కరు సంగతి తేలుతుంది గాని సీసాలో ఏముందో తేలదు. అది ల్యాబు చెప్పాలి. మీరు మూత తీసిన సీసాను పట్టుకుపోతే నమూనాగా ఒప్పుకోరు. 1968 నాటి పురుగు మందుల చట్టం కింద ఇన్‌స్పెక్టరు దుకాణంలో ఉన్న సరుకు నుంచే నమూనా తీయాలి, దాన్ని మూడు భాగాలు చేసి సీలు వేయాలి. చాలాచోట్ల మండల వ్యవసాయాధికారే ఆ ఇన్‌స్పెక్టరు. అనుమానం వచ్చిన రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. రెండు రోజులాగితే ఆ బ్యాచి దుకాణంలో కనబడదు. మా విషయంలో జరిగింది అదే. మేము ఫొటోలతో కుస్తీ పడుతున్నంతలో అల్మారా ఖాళీ అయిపోయింది. కొన్నప్పుడే బ్యాచి నంబరు రాసిన బిల్లు అడగండి. మనవాడి బిల్లులో బ్యాచి నంబరు లేదు, అరువు సరుకని తెల్ల చీటీ మీద రాసిచ్చాడు. కౌలు రైతుకు అరువిచ్చేవాడే దిక్కు గనక అతను గట్టిగా అడగలేకపోయాడు.

ఈ సంచిక నలుపు తెలుపులో అచ్చవుతుంది గనక ఆ ఫొటోలు ఇందులో వేసి ప్రయోజనం లేదు. రంగులో పెద్దగా తీయించి సంఘం కార్యాలయం గోడకు పెట్టాం. పక్కనే ఆ రెండు రకాల సీసాలూ ఉన్నాయి, స్టార్టర్ డబ్బా మీది స్టిక్కర్లను కూడా డబ్బా మూతతో సహా తెచ్చి పెట్టాం. భూతద్దం అక్కడే దారంతో కట్టి ఉంది. మీ దగ్గరున్న సీసాలు తెచ్చి పక్కన పెట్టి చూసుకోండి. మూడో సీసా మూత ఇంకా తీయలేదు. వ్యవసాయాధికారికిచ్చిన ఫిర్యాదుకు జవాబు రావాల్సి ఉంది.